హనుమకొండ, రామప్ప యాత్ర: రాత్రి బస గురించి తల్లిదండ్రులకు లేఖ

నల్లగొండ,
నవంబర్ 10

తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 21, శుక్రవారం పొద్దున ఐదున్నరకు మన బస్సు బడి గేటు దగ్గర నుంచి సూర్యాపేట మీదుగా బయలుదేరుతుంది. 23, ఆదివారం సాయంత్రం ఆరు లోపు తిరిగి గేటు దగ్గరికే వస్తుంది. మొదటి రోజు వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి. రెండో రోజంతా రామప్ప, లక్నవరం చెరువు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభం నీడను చూసి వందల ప్రశ్నలు అడిగిన పిల్లలు వీళ్లు. 1213లో కట్టడం మొదలుపెట్టిన, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిని, అక్కడి శిల్పాలను పొద్దుటి వెలుగులో తీరిగ్గా చూడాలంటే ఒక్కరోజులో వెళ్లి రావడం కుదరదు. అందుకే హనుమకొండలో రెండు రాత్రులు ఉంటున్నాం.

పిల్లలు ఇంటికి దూరంగా పడుకునే ఆ రెండు రాత్రుల గురించే ఈ ఉత్తరం. మొన్న ఫీజు కట్టడానికి వచ్చిన అమ్మలు దాదాపు అందరూ నన్ను అడిగింది కూడా అదే.

నేను, మన పీఈటీ సార్ కలిసి పోయిన ఆదివారం హోటల్‌కు వెళ్లి ప్రతి గదీ చూసి వచ్చాం. గీజర్ వేసి చూశాం, బాత్రూం గడియలు లోపలి నుంచి పెట్టి తీశాం, కిటికీలకు గ్రిల్ ఉందో లేదో చూశాం. రెండు గదుల్లో బాత్రూం గడియ ఒకసారి పడితే మళ్లీ రావట్లేదు. అవి వద్దని చెప్పి వేరే గదులు తీసుకున్నాం. మేడ మీదికి వెళ్లే తలుపుకు తాళం వేసి తాళంచెవి మాకే ఇస్తామన్నారు. హోటల్ పేరు, ఫోన్ నంబరు, మా అందరి నంబర్లు అంగీకార పత్రం వెనక ఉన్నాయి.

మొత్తం 45 మంది పిల్లలు. 24 మంది అమ్మాయిలకు రెండో అంతస్తులో ఎనిమిది గదులు, 21 మంది అబ్బాయిలకు మొదటి అంతస్తులో ఏడు గదులు. గదికి ముగ్గురు. రెండో అంతస్తులో ఈ చివర ఒక గదిలో నేను, తెలుగు మేడం ఉంటాం. ఆ చివర గదిలో హిందీ మేడం, ఆయమ్మ ఉంటారు. అబ్బాయిల అంతస్తులో మెట్ల పక్క గది పీఈటీ సార్, లెక్కల సార్‌లది.

ఎవరితో ఉండాలని ఉందో ప్రతి పిల్లా పిల్లవాడూ ఇద్దరి పేర్లు చీటీ మీద రాసి నాకు ఇవ్వాలి. అందులో కనీసం ఒక్కరితోనైనా గది కుదిరేలా చూస్తాను. జాబితా బోర్డు మీద పెట్టాక మార్పులు ఉండవు. "మా పిల్లను ఫలానా పిల్లతో వేయకండి" అని ఫోన్ చేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. అలా అందరూ పక్కకు నెట్టిన పిల్ల ఒకతి మిగిలిపోతుంది, ఆ సంగతి ఆ పిల్లకు తెలిసిపోతుంది. అయితే ఏడిపించడం, కొట్టడం లాంటివి నిజంగా జరిగి ఉంటే మాత్రం దాచకుండా చెప్పండి, తప్పకుండా మారుస్తాను.

అబ్బాయిలు రెండో అంతస్తుకు, అమ్మాయిలు మొదటి అంతస్తు గదులకు ఏ కారణంగానూ వెళ్లకూడదు. కబుర్లు చెప్పుకోవాలంటే భోజనాల హాలు ఉంది. పిల్లల గదిలోకి టీచర్ ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఇద్దరం కలిసే వెళ్తాం, మేం లోపల ఉన్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. హోటల్ మనుషులను రాత్రి తొమ్మిది తర్వాత గదులకు పంపొద్దని చెప్పాం. నీళ్లు, దుప్పట్లు ఏం కావాలన్నా మేమే అందిస్తాం. పెద్దవాళ్లు ఎవరైనా, అది మాలో ఒకరైనా సరే, పిల్లలకు ఇబ్బందిగా ప్రవర్తిస్తే వెంటనే మీకో, ఇంకో టీచర్‌కో, 1098కో చెప్పొచ్చని పిల్లలకు క్లాసులో చెప్పాను. మీరు కూడా ఇంట్లో చెప్పండి.

రాత్రి భోజనం ఎనిమిదింటికి. ఎనిమిదిన్నర నుంచి తొమ్మింబావు దాకా మీరు పిల్లలతో ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. తొమ్మిదిన్నరకు ఎవరి గదిలో వాళ్లు ఉండాలి. గది గదికీ వచ్చి హాజరు తీసుకుంటాం, ఫోన్లు పేరు చీటీ అంటించి సంచిలో వేసుకుంటాం. పొద్దున ఆరున్నరకు తిరిగి ఇస్తాం. పదింటికి లైట్లు ఆరిపోవాలి. ఆ తర్వాత పన్నెండు దాకా మాలో ఒకరు ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాం. ఫోన్ లేదని టెన్షన్ పడకండి, మా నంబర్లు రాత్రంతా పనిచేస్తాయి. ఆన్‌లైన్‌లో తిండి తెప్పించుకోవడం కుదరదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మూడేళ్ల కిందట నేను పిల్లలను తీసుకెళ్లిన యాత్రలో, రాత్రి పది దాటాక ఎవరూ గది దాటొద్దని గట్టిగా చెప్పాను. ఆ రాత్రి రెండింటికి ఒక అమ్మాయికి కడుపునొప్పి మొదలైంది. తెల్లారేదాకా పొట్ట పట్టుకుని మంచం అంచున అలాగే కూర్చుంది. పొద్దున అడిగితే, "లేపితే తిడతారేమో అనుకున్నా టీచర్" అంది. తప్పు నాదే. గది దాటొద్దన్న నేను, అవసరమైతే నన్ను లేపమని చెప్పలేదు. ఈసారి మొదట చెప్పేది అదే. నొప్పి వచ్చినా, భయమేసినా, ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చినా మా తలుపు కొట్టాలి. ఏ వేళైనా ఎవరూ ఒక్క మాట అనరు. దయచేసి ఈ మాట మీ నోటితో కూడా పిల్లలకు చెప్పండి. ఇంట్లో చెబితే ధైర్యం వస్తుంది.

అలాగే పిల్లల ఆరోగ్యం గురించి మా దగ్గర ఏదీ దాచకండి. ఆయాసం, మూర్ఛ, నిద్రలో లేచి నడవడం, పక్క తడపడం, ఏది ఉన్నా నాకు విడిగా చెప్పండి. ఆ మాట నా దగ్గరే ఉంటుంది, పిల్ల నలుగురిలో చిన్నబోకుండా అన్నీ చూసుకుంటాను. మందులు ఉంటే పేరు కనబడే స్ట్రిప్‌తోనే, ఏ వేళకు ఎంత వేయాలో రాసి ఇవ్వండి. అమ్మాయిలకు నెలసరి వేళ అయితే ప్యాడ్లు సర్ది పంపండి, నా దగ్గర కూడా ఉంటాయి.

హనుమకొండలో మనలో చాలామందికి చుట్టాలున్నారు. పిన్ని వచ్చింది, మామయ్య వచ్చాడు అని రాత్రికి పిల్లలను వాళ్లతో పంపలేం. చూడాలనుకునేవాళ్లు శనివారం రాత్రి ఏడు, ఎనిమిది మధ్య కింద రిసెప్షన్ దగ్గర కలవొచ్చు. వచ్చే వాళ్ల పేరు ముందే అంగీకార పత్రంలో రాయండి.

నియమం తప్పిన పిల్లవాణ్ణి మొదటిసారి కూర్చోబెట్టి మాట్లాడతాం. రెండోసారి అయితే మీకు ఫోన్ వస్తుంది, మరుసటి రోజంతా ఆ పిల్లవాడు మా పక్కనే నడుస్తాడు. ఎంత పెద్ద తప్పు చేసినా రాత్రిపూట ఎవరినీ ఒంటరిగా ఇంటికి పంపం. గదిలో ఏదైనా పగలగొడితే ఆ ఖర్చు ఆ గది పిల్లలది.

బయలుదేరేలోపు గీజర్ స్విచ్ ఆపేశాకే స్నానానికి వెళ్లడం పిల్లలకు అలవాటు చేయండి. చలి మొదలైంది, స్వెట్టర్ మరవొద్దు. బంగారం వేసి పంపొద్దు. చేతి ఖర్చుకు 300 రూపాయలు మించి ఇవ్వకండి.

సంతకం చేసిన అంగీకార పత్రం 15, శనివారం లోపు నాకు అందాలి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి తొమ్మిదో తరగతి గదిలో ఉంటాను. అడగాలనుకున్నవి, ఫోన్‌లో చెప్పలేనివి ఉంటే అప్పుడు రండి. 2,800 రూపాయలు ఒక్కసారి కట్టడం కష్టమైన వాళ్లు కూడా వచ్చి కలవండి. డబ్బు వల్ల ఏ పిల్లా ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ (సాంఘిక శాస్త్రం)