జులై-సెప్టెంబర్ బడ్జెట్ రివ్యూ, స్లైడ్ల వెనక ఉన్న కథ (ప్లాంట్ మేనేజర్ గారికి)

సర్, గురువారం మీటింగ్‌కి ఫైనాన్స్ వాళ్ళ డెక్ 22 స్లైడ్లు ఉంది, అందులో మన డెయిరీకి సంబంధించినవి నాలుగే, అవి మామూలు మాటల్లో రాస్తున్నా. అడ్వర్స్ అంటే బడ్జెట్ కన్నా మనకి నష్టం వైపు పోయింది, ఫేవరబుల్ అంటే లాభం వైపు, అంతే. రంగు చూసి కంగారు పడొద్దు, సంతోషపడొద్దు కూడా.

స్లైడ్ 5, పాల సేకరణ. 30 లక్షలు ఎరుపులో ఉంది, అందరి కళ్ళూ దీని మీదే పడతాయి. బడ్జెట్‌లో 9 లక్షల లీటర్లు, లీటరు 42 రూపాయలు అనుకున్నాం, అంటే 3.78 కోట్లు. నిజంగా కొన్నది 9.6 లక్షల లీటర్లు, సగటున 42.50 పడింది, 4.08 కోట్లు. ఈ తేడాలో 25.2 లక్షలు కేవలం ఎక్కువ పాలు కొన్నందుకే (60,000 లీటర్లు × 42), ఆ పాలు పెరుగు, ప్యాకెట్లుగా అమ్ముడైపోయాయి, ఆ డబ్బు స్లైడ్ 3లో అమ్మకాల్లో పచ్చగా కూర్చుంది, రెండూ పక్కపక్కన పెట్టలేదు అదే గొడవ. మిగిలిన 4.8 లక్షలు మాత్రం రేటు వల్ల. గేదె పాల వాటా పెరిగింది, ఫ్యాట్ పెరిగితే రేటు కట్టాల్సిందే కదా. ఎవరైనా అడిగితే ఈ 4.8 గురించే మాట్లాడండి.

స్లైడ్ 8, రిపేర్లు. 12 లక్షలకి 7 ఖర్చయింది, 5 లక్షలు ఆదా అని రాశారు. ఆదా ఏం కాదు సర్, హోమోజినైజర్ ఓవర్‌హాల్ నవంబర్‌కి వాయిదా పడింది, బిల్లు అప్పుడొస్తుంది. దీన్ని చూసి ఎవరైనా వేరే పనికి ఆ డబ్బు వాడేద్దాం అంటే ఒప్పుకోకండి.

స్లైడ్ 9, జనరేటర్ డీజిల్. 6 లక్షలు అనుకుంటే 9.2 అయింది. గంటకి ఖర్చు అలాగే 4,000, కానీ 150 గంటలకి బదులు 230 తిరిగింది. ఎక్కువైన 80లో 62 గంటలు ఆగస్టు ఫీడర్ పనుల టైంలోవే, లాగ్ బుక్‌లో ఉంది. మిగతా 18 గంటలకి కారణం రాసి లేదు, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని అడిగి పెట్టుకోండి.

స్లైడ్ 11, నెయ్యి అమ్మకాలు 60 లక్షలకి 51. తగ్గిందంతా సెప్టెంబర్‌లోనే. 22వ తేదీ నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, అది తెలిశాక డీలర్లు పాత రేటుకి స్టాక్ ఎందుకని ఆర్డర్లు ఆపేశారు. పన్ను మన అమ్మకాల లెక్కలో ఉండదు కాబట్టి రేటు తగ్గడం వల్ల మనకి పోయిందేం లేదు, లోడ్లు వెళ్ళకపోవడం వల్లే 9 లక్షలు. ఆగిన ఆర్డర్లు దసరాకి తిరిగొచ్చాయా లేదా అన్నది అక్టోబర్ డిస్పాచ్ చెప్తుంది, మొదటి పది రోజుల లిస్ట్ స్టోర్స్ నుంచి తెప్పిస్తున్నా, బుధవారం సాయంత్రానికి మీ టేబుల్ మీద ఉంటుంది.