అద్దె బాకీ గురించి నోటీసు

హైదరాబాద్,
12 జనవరి 2026

శ్రీ పి. నరేష్ గారికి,
ఫ్లాట్ నంబరు 302, కొత్తపేట

విషయం: నవంబరు నుంచి చెల్లించని అద్దె, చెల్లింపు తేదీ తెలియజేయడం

నరేష్ గారూ,

మనం 2025 జూన్ 1న రాసుకున్న పదకొండు నెలల అద్దె ఒప్పందంలోని 4వ షరతు ప్రకారం నెలకు రూ.16,500 అద్దె, రూ.1,500 మెయింటెనెన్స్ ఆ నెల 5వ తేదీలోగా నాకు అందాలి. అక్టోబరు వరకు మీరు ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. నవంబరు మెయింటెనెన్స్ ఇచ్చారు కానీ, అద్దెలో రూ.8,000 మాత్రమే పంపారు. ఆ తరువాత ఏమీ అందలేదు. నవంబరు అద్దెలో మిగిలిన రూ.8,500, డిసెంబరు, జనవరి నెలల అద్దె రూ.33,000, ఆ రెండు నెలల మెయింటెనెన్స్ రూ.3,000 కలిపి ఈ రోజుకు బాకీ రూ.44,500. మీ లెక్కలో తేడా ఉంటే చెల్లింపు వివరాలు పంపండి, సరిచూసుకుంటాను.

మీ కంపెనీలో జీతాలు ఆగిపోయాయని డిసెంబరులో చెప్పారు. ఆ మాట నమ్మాను, అందుకే ఇన్నాళ్లు కాగితం రాయలేదు. కానీ నాలుగుసార్లు ఫోను చేస్తే రెండుసార్లు "వచ్చే వారం" అన్నారు, మిగతా రెండుసార్లు ఫోను తీయలేదు. డబ్బు ఆలస్యం కావడం కన్నా ఈ మౌనమే నన్ను ఎక్కువ బాధించింది. ఈ ఫ్లాటు మీద తీసుకున్న గృహరుణం వాయిదా ప్రతి నెలా 10న నా ఖాతాలో కోత పడుతుంది. రెండు నెలలుగా దాన్ని నా పింఛను నుంచి కడుతున్నాను.

అడ్వాన్సు రూ.33,000 లో సర్దుకోమని మీ శ్రీమతి గారు అన్నారు. అది కుదరదు. 6వ షరతు ప్రకారం ఆ మొత్తం ఇల్లు ఖాళీ చేసిన రోజున, రంగులు, మరమ్మతులు, కరెంటు బిల్లు చూసుకున్నాక తిరిగి ఇవ్వాల్సినది. పైగా అది మొత్తం బాకీకి సరిపోదు కూడా.

కాబట్టి జనవరి 20లోగా, ఏ తేదీన ఎంత చెల్లిస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. వాట్సాప్ సందేశమైనా చాలు. ఒకేసారి వీలుకాకపోతే రెండు విడతలుగా ఇవ్వండి. మొదటి విడత కనీసం రూ.25,000 ఈ నెల 27లోగా, మిగిలినది ఫిబ్రవరి అద్దెతో పాటు ఫిబ్రవరి 5లోగా అందాలి. ఎప్పటిలాగే నా బ్యాంకు ఖాతాకు పంపండి, అందిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తాను. ఈ తేదీలు నిలబెట్టుకుంటే, 5వ షరతులోని రోజుకు రూ.50 ఆలస్య రుసుము అడగను.

ఇది ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు కాదు. అయితే రెండు నెలల అద్దె బాకీ పడితే నెల రోజుల రాతపూర్వక గడువుతో ఖాళీ చేయమని కోరే హక్కు 9వ షరతు నాకు ఇచ్చింది. 20వ తేదీ వరకు జవాబు రాకపోతే ఆ నోటీసు న్యాయవాది ద్వారా పంపవలసి వస్తుంది. మీ పాప పరీక్షలు దగ్గరపడుతున్న సమయంలో ఇల్లు మారే పరిస్థితి మీకు రాకూడదని నిజంగా కోరుకుంటున్నాను. సంక్రాంతికి ఊరు వెళ్లేలోపు ఒకసారి ఫోను చేయండి.

ఈ నోటీసు ప్రతిని స్పీడ్ పోస్టులోనూ, మీ వాట్సాప్‌కూ పంపుతున్నాను.

ఇట్లు,
కె. సత్యవతి
ఇంటి యజమాని