4వ తరగతి స్టేషనరీ ఇండెంట్, 2026-27 (ఎ, బి సెక్షన్లు కలిపి)

తరగతి టీచర్లకు, స్టోరు చూసేవారికి, కొనుగోలు చేసేవారికి ఒకటే కాగితం. సరుకు జూన్ 5 లోపు స్టోరుకు చేరాలి. బడి తెరిచేది జూన్ 12. మధ్యలో ఉన్న వారం లెక్క చూసుకోవడానికి, సెట్లు కట్టడానికి.

పిల్లల సంఖ్య

3వ తరగతి నుంచి వచ్చేవారు 71. టీసీ తీసుకున్నవారు 2. ఫీజు కట్టి చేరినవారు 5. మొత్తం 74, సెక్షనుకు 37. జూలై నెలాఖరు దాకా వచ్చే చేరికల కోసం మరో 4 పూర్తి సెట్లు. కాబట్టి అన్ని వస్తువులనూ 78తో గుణించాం.

ఈ 4 సెట్లు వేరు, పోయేవాటికి, పాడయ్యేవాటికి వేసే అదనం శాతం వేరు. రెండూ కలిపి అన్నిటికీ 10 శాతం అని ఒక్క గీత గీస్తే, నోటుపుస్తకాలు అటకమీద మిగిలిపోతాయి, రబ్బర్లు డిసెంబరుకే అయిపోతాయి. కొత్తగా చేరిన పిల్లవాడికి మొత్తం సెట్టు కావాలి. రబ్బరు పోగొట్టుకున్నవాడికి రబ్బరొక్కటే చాలు. అందుకే శాతం వస్తువును బట్టి వేశాం.

పిల్లలకిచ్చేవి

| వస్తువు | ఒక్కరికి | 78 మందికి | అదనం | కావలసింది | పాత నిల్వ | ఆర్డరు |
|---|---|---|---|---|---|---|
| సింగిల్ రూల్ లాంగ్ నోట్‌బుక్, 200 పేజీలు (తెలుగు, ఇంగ్లీషు, ఈవీఎస్, హోంవర్క్) | 4 | 312 | 3% | 322 | 14 | 26 కట్టలు (312) |
| గళ్ల నోట్‌బుక్, 200 పేజీలు (లెక్కలు) | 2 | 156 | 5% | 164 | 0 | 14 కట్టలు (168) |
| నాలుగు గీతల కాపీ, 100 పేజీలు | 1 | 78 | 3% | 81 | 9 | 6 కట్టలు (72) |
| రెండు గీతల కాపీ, 100 పేజీలు (తెలుగు, హిందీ) | 2 | 156 | 3% | 161 | 11 | 13 కట్టలు (156) |
| గీతలు లేని తెల్ల పుస్తకం, 100 పేజీలు | 1 | 78 | 3% | 81 | 20 | 6 కట్టలు (72) |
| బ్రౌన్ అట్ట షీట్లు | 15 | 1170 | 4% | 1217 | 0 | 25 కట్టలు (1250) |
| పేరు లేబుళ్లు | 15 | 1170 | 10% | 1287 | 60 | 103 షీట్లు (1236) |
| పెన్సిళ్లు, హెచ్‌బీ | 10 | 780 | 10% | 858 | 35 | 83 పెట్టెలు (830) |
| రబ్బర్లు, తెల్లవి | 6 | 468 | 20% | 562 | 0 | 28 పెట్టెలు (560) |
| షార్ప్‌నర్లు | 3 | 234 | 15% | 270 | 12 | 13 పెట్టెలు (260) |
| స్కేలు, 15 సెం.మీ. | 1 | 78 | 10% | 86 | 6 | 4 పెట్టెలు (80) |
| క్రేయాన్లు, 12 రంగుల పెట్టె | 1 | 78 | 3% | 81 | 3 | 80 |
| గమ్ స్టిక్ | 2 | 156 | 5% | 164 | 0 | 9 పెట్టెలు (180) |
| ఏ4 కాగితం, 75 జీఎస్ఎం (వర్క్‌షీట్లు: వారానికి 2, 36 వారాలు) | 72 | 5616 | 5% | 5897 | 500 | 11 రీములు (5500) |

నోటుపుస్తకాల కట్టకు 12, అట్టల కట్టకు 50, లేబుళ్ల షీటుకు 12, పెన్సిళ్ల పెట్టెకు 10, రబ్బర్లు, షార్ప్‌నర్లు, స్కేళ్లు, గమ్ స్టిక్కుల పెట్టెకు 20 చొప్పున వేశాం. క్రేయాన్లు పది పెట్టెల పెద్ద ప్యాకెట్లలో వస్తాయి. పాత నిల్వ ఏప్రిల్‌లో బీరువా తెరిచి లెక్కపెట్టిన సంఖ్య. నిరుటి రిజిస్టరులో రాసింది కాదు.

అట్టలు, లేబుళ్లు 15 ఎందుకంటే నోటుపుస్తకాలు 10, పాఠ్యపుస్తకాలు 5. నోటుపుస్తకాల సంఖ్య మారితే ఈ రెండు వరుసలూ మారాలి. సాధారణంగా మరిచిపోయేవి ఇవే.

రబ్బర్లకు లెక్క ప్రకారం 29 పెట్టెలు రావాలి. 28 పెట్టెలతో రెండే రబ్బర్లు తగ్గుతున్నాయి. 20 శాతం అదనం ఎలాగూ అంచనాయే కాబట్టి రెండింటి కోసం ఇంకో పెట్టె తీసుకోవడం లేదు. గమ్ స్టిక్‌లో మాత్రం 8 పెట్టెలతో సరిపెట్టలేదు: తగ్గేవి నాలుగే అయినా, మూత సరిగా పెట్టక ఎండిపోయేవి చాలా ఉంటాయి.

షీటులో బి ఒక్కరికి, సి అదనం, డి నిల్వ, ఇ కట్ట సైజు. ఆర్డరు గడిలో:

```
=CEILING(ROUNDUP(78*B2*(1+C2),0)-D2,E2)
```

రబ్బర్ల వరుసలో ఫలితం 580 వస్తుంది, దాన్ని 560గా చేత్తో మార్చాం.

గుణకారం ముందు, పైకి సరిచేయడం చివర. ఒక్కరికి ఒక స్కేలు, 10 శాతం అదనం కలిపితే 1.1 అని, దాన్ని అక్కడే 2 చేసేస్తే స్కేళ్లు 156 అవుతాయి. సెక్షన్లవారీగా విడివిడిగా ఆర్డరు రాసినా ఇదే తిప్పలు: గమ్ స్టిక్‌లు సెక్షనుకు 82 కావాలి, అంటే 5 పెట్టెల చొప్పున 10 పెట్టెలు. కలిపి రాస్తే 9 చాలు.

తరగతి గదికి ఇచ్చేవి (పిల్లల సంఖ్యతో గుణించకూడదు)

చాక్‌పీసులు: రోజుకు గదికి 4, రెండు గదులు, 220 పనిదినాలు, 1760. విరిగేవి 15 శాతం కలిపితే 2024, అంటే వంద ముక్కల పెట్టెలు 21. చేతిలో 3 ఉన్నాయి, 18 కొనాలి. డస్ట్‌లెస్ రకమే.

చార్టులు గదికి 12, పైన 4, మొత్తం 28. డస్టర్లు 4. హాజరు రిజిస్టర్లు 2, అదనం అక్కర్లేదు. స్టేప్లర్ పిన్నులు 10 నంబరువి 6 పెట్టెలు.

దుకాణంవారికి రాసేటప్పుడు

పేజీల సంఖ్య ఆర్డరులోనే రాయండి. 200 పేజీలకు ధర అడిగి, 172 పేజీలది తెచ్చిస్తే పుస్తకం చవకే అనిపిస్తుంది, కానీ జనవరిలో ఈవీఎస్ నోట్సు అయిపోతుంది. అట్టతో కలిపి లెక్కపెట్టారా, కాగితాలు మాత్రమేనా అన్నది కూడా అడగాలి. నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, క్రేయాన్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. పాత కొటేషన్‌లో వీటికి పన్ను కలిపి ఉంటే తీసేయమనండి.

సరుకు దిగినప్పుడు

పై కట్టలు మాత్రమే చూసి సంతకం పెట్టొద్దు. ప్రతి రకంలో మధ్య నుంచి ఒక కట్ట లాగి విప్పి, 12 ఉన్నాయా చూసి, ఒక పుస్తకం పేజీలు లెక్కపెట్టండి. గళ్ల కట్టల్లో సింగిల్ రూల్ కలిసిపోవడం మామూలే. పెన్సిళ్లలో ప్రతి పదో పెట్టె నుంచి రెండు చెక్కి చూడాలి: చెక్కిన కొద్దీ ముల్లు ఊడి వస్తుంటే, రవాణాలో లోపల విరిగిందని అర్థం, ఆ పెట్టెలు వాపసు. రబ్బరుతో కాగితంపై రుద్దితే నల్లగా అలుక్కుపోతే రకం మార్చమనాలి.

పుస్తకాలు నేలమీద కాకుండా చెక్క పలకలపై, గోడకు జానెడు ఎడంగా. వర్షాకాలం చెమ్మ గోడ నుంచే ఎక్కుతుంది. క్రేయాన్లు, గమ్ కిటికీ పక్కన పెట్టొద్దు, ఎండకు మెత్తబడతాయి.

ఇచ్చే తీరు

నోటుపుస్తకాలు, స్కేలు, క్రేయాన్లు మొదటి వారంలో. పెన్సిల్ నెలకొకటి, పాత ముక్క చూపిస్తేనే. రబ్బర్లు జూన్, ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు, జనవరి, మార్చిలో. గమ్ ఒకటి జూన్‌లో, రెండోది నవంబరులో. మొదటే రెండూ ఇస్తే రెండూ ఒకేసారి ఎండుతాయి.

కొత్త చేరికల 4 సెట్లను టేపు కట్టి, స్టోరులో వేరే అరలో పెట్టాలి. రోజువారీ కొరత వచ్చినప్పుడు వాటిలోంచి ఒక్క పెన్సిల్ కూడా తీయకూడదు. ఆగస్టు 1న మిగిలిన సెట్లు విప్పి సాధారణ నిల్వలో కలిపి, అదే రోజు రిజిస్టరులో రాయాలి.