రేపటి శ్లాబుకు సిద్ధం చేయవలసిన సామగ్రి

తేదీ: 12–11–2024, మంగళవారం
స్థలం: మంగళగిరి సైటు, రెండో అంతస్తు శ్లాబు

స్టోర్ కీపర్ గారికి,

రేపు ఉదయం 6 గంటలకు 1,600 చదరపు అడుగుల శ్లాబుకు, దాని బీములకు కలిపి కాంక్రీటు మొదలుపెడుతున్నాము. మొత్తం సుమారు 25 ఘనపు మీటర్ల ఎం20 కాంక్రీటు అవుతుంది. ఒక్క మిక్సరుతో సాయంత్రం 4 గంటలకల్లా ముగించాలి కాబట్టి, మధ్యలో ఏ వస్తువు కోసమూ పని ఆగకుండా కింది సామగ్రిని ఈ రాత్రికే సిద్ధం చేయగలరు.

సిమెంటు 215 బస్తాలు కావాలి. లెక్క ప్రకారం ఘనపు మీటరుకు 8 చొప్పున 200 సరిపోతాయి గాని, మిగతా 15 చేతిలో ఉండాలి. గోడౌనులో 140 ఉన్నట్లు మీ రిజిస్టరు చూపుతోంది. రాత్రికి వచ్చే లోడు 80 బస్తాలను దించేటప్పుడు మీరే దగ్గరుండి లెక్క పెట్టించండి. బస్తా మీద ముద్రించిన వారాన్ని చూసి పాతవాటిని ముందు వాడాలి. కొత్త లోడును పాత వరుసల మీద పేర్చితే పాతవి ఎప్పటికీ అడుగునే ఉండిపోతాయి కనుక దానిని వేరుగా పెట్టించండి. గోడవైపు వరుసలో అంచులు గట్టిపడిన బస్తాలు రెండు నాకు కనిపించాయి. చేతితో నలిపినా పొడి కాని గడ్డలు ఉన్న బస్తాను, పైపైన బాగానే కనిపించినా, మిక్సరు దగ్గరకు పంపవద్దు.

ఇసుక నాలుగున్నర యూనిట్లు, 20 ఎంఎం కంకర ఎనిమిది యూనిట్లు ఉండాలి. తడి ఇసుక పొంగి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కుప్పను కంటితో అంచనా వేయకుండా కొలిచి చెప్పండి. కంకర కుప్ప అడుగున చేరిన దుమ్మును కూలీలు పారతో ఎత్తకుండా, అడుగు పొరను ఇప్పుడే పక్కకు తీయించండి. కొలత కోసం 35 లీటర్ల పెట్టెలు నాలుగు బయట పెట్టాలి. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. గమేళాల లెక్కను మేస్త్రీ అడిగినా ఒప్పుకోవద్దు.

సంపులో 10,000 లీటర్ల నీరు ఉండేలా రెండు ట్యాంకర్లను రాత్రికే పోయించండి. బస్తాకు నీరు 30 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. కనుక మిక్సరు దగ్గర గొట్టం కాకుండా గీత గీసిన బకెట్లు రెండు మాత్రమే ఉంచండి.

వైబ్రేటర్లు రెండు, నీడిళ్లు మూడు కావాలి. అద్దెకు వచ్చిన నీడిలు కిందటి శ్లాబులో బీము మధ్యలో ఉండగానే ఆగిపోయింది, ఆ చోట తేనెతుట్టెలా కంకర బయటపడి తర్వాత పూడ్చవలసి వచ్చింది. అందువల్ల ఈ రాత్రి మూడింటినీ ఒక్కొక్కటి పది నిమిషాల చొప్పున నీటి డ్రమ్ములో నడిపి చూసి, బాగా పనిచేసినవాటికి సున్నంతో గుర్తు పెట్టండి. మిక్సరుకు, లిఫ్టుకు కలిపి డీజిల్ 40 లీటర్లు, వైబ్రేటర్లకు పెట్రోలు 10 లీటర్లు తెప్పించి సిమెంటుకు దూరంగా ఉంచండి. మిక్సరు బెల్టు, లిఫ్టు తాడు ఒక్కొక్కటి అదనంగా ఉండాలి.

శ్లాబుకు 20 ఎంఎం కవర్ బ్లాకులు 600, బీములకు 25 ఎంఎంవి 200, బైండింగ్ వైరు 10 కిలోలు రాడ్‌బెండర్‌కు ఇప్పుడే ఇవ్వండి. రాయి ముక్కలు పెట్టి సరిపెడతామంటే నేను చెకింగులో తీయిస్తాను. సెంట్రింగ్ మేస్త్రీకి సరుగుడు బాదులు పది, మేకులు 2 కిలోలు, చెక్క చీలలు, షీట్ల సందులకు బ్రౌన్ టేపు ఆరు చుట్టలు ఇవ్వాలి. కాంక్రీటు పడుతున్నంతసేపూ కింద ఒక మనిషి బాదులను చూస్తుంటాడు, అతనికి టార్చి ఇవ్వండి. ఎలక్ట్రీషియనుకు పైపులు ఆరు, బెండ్లు పది, ఫ్యాన్ బాక్సులు నాలుగు అదనంగా ఉంచితే చాలు.

కూలీలకు గమ్‌బూట్లు, చేతి తొడుగులు 30 జతల చొప్పున, పారలు పన్నెండు, గమేళాలు నలభై, ఇనుము మీద నడవకుండా పరిచే పలకలు ఎనిమిది లెక్కపెట్టి పైకి పంపి, సాయంత్రం అదే లెక్కన తీసుకోండి. క్యూబుల అచ్చులు పన్నెండింటికి నూనె రాయించండి. తొమ్మిది 28 రోజుల పరీక్షకు, మూడు 7 రోజులదానికి.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి ఉంది. పెద్ద టార్పాలిన్లు ఆరు మెట్ల దగ్గరే ఉండాలి, గోడౌనులో కాదు. ఎల్లుండి మడులు కట్టి నీరు నిలపడానికి సిమెంటు మూడు బస్తాలు, 100 అడుగుల గొట్టం విడిగా తీసిపెట్టండి. పూజకు కొబ్బరికాయలు, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ కూడా మీ దగ్గరే ఉంచితే ఉదయం వెతుకులాట ఉండదు.

వీటిలో ఏది తక్కువైనా రాత్రి 8 గంటలలోగా నాకు ఫోను చేయండి. ఆ తర్వాత దుకాణాలు మూసేస్తారు, అద్దె సామాను కూడా దొరకదు.

ఇట్లు,
సైటు సూపర్‌వైజరు