బాబాయ్‌కి: శనివారం తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకి రాగలరా?

బాబాయ్ నమస్తే, పిన్ని మీరు బాగున్నారా. ఫోన్లో చెప్దామనుకున్నా కానీ టైమింగులు అవీ మాటల్లో చెప్తే మర్చిపోతాం అని మెసేజ్ రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

జనవరిలో వస్తున్నానని అమ్మ చెప్పే ఉంటుంది కదా, టికెట్ ఫైనల్ అయింది. నేనూ చిన్నోడూ మాత్రమే వస్తున్నాం, ఆయనకి సెలవు దొరకలేదు, రెండు వారాల తర్వాత వస్తారు. అడగాల్సింది ఏంటంటే మమ్మల్ని శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి మీ ఇంటిదాకా తీసుకెళ్ళడానికి మీరు గానీ తమ్ముడు గానీ రాగలరా అని. అమ్మా నాన్నా ఊర్నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వస్తామన్నారు, ఈ చలిలో వద్దని గట్టిగా చెప్పా, నాన్న ఆదివారం మీ ఇంటికే వచ్చి మమ్మల్ని తీసుకెళ్తారు.

ఫ్లైట్ బ్రిటిష్ ఎయిర్‌వేస్, నంబర్ BA277, హీత్రూ నుంచి డైరెక్ట్. ఇక్కడ జనవరి 9 శుక్రవారం మధ్యాహ్నం 1:50కి బయల్దేరుతుంది, అంటే అప్పటికి మీకు రాత్రి 7:20. అక్కడ దిగేది జనవరి 10 శనివారం తెల్లవారుజామున 4:35కి. ఈ తేదీ ఒక్కటి జాగ్రత్త బాబాయ్, మీరు అలారం పెట్టుకోవాల్సింది శుక్రవారం రాత్రి పడుకునేటప్పుడు. పదో తారీఖు అన్నాం కదా అని శనివారం రాత్రి అలారం పెట్టుకుంటే అప్పటికి నేను మీ ఇంట్లోనే పడుకుని ఉంటా 😀

4:35కి దిగుతుందని ఆ టైముకే వచ్చి నిలబడకండి దయచేసి. ఇమిగ్రేషన్ లైను ఆ టైములో పెద్దగానే ఉంటుంది, ఒకేసారి నాలుగైదు ఫ్లైట్లు దిగుతాయి, పైగా నాది ఇండియన్ పాస్‌పోర్టు, వాడిది బ్రిటిష్ పాస్‌పోర్టు ఓసీఐ కార్డుతో, ఇద్దర్నీ కలిపి ఒకే కౌంటర్లో చూస్తారో లేదో ఆఫీసర్ని బట్టి ఉంటుంది. ఆ తర్వాత బెల్టు దగ్గర పెట్టెలు రావాలి, స్ట్రోలర్ వేరే చోట ఇస్తారు, కస్టమ్స్ దాటాలి. ఎంత తొందరగా అయినా 5:30 లోపు బయటికి రాలేను, ఆరు కూడా అవ్వొచ్చు. అందుకని నేను ల్యాండయ్యాక మెసేజ్ పెట్టిన తర్వాతే మీరు ఇంట్లో బయల్దేరండి, ఆ టైములో రోడ్లు ఖాళీ కాబట్టి ముప్పావుగంటలో వచ్చేస్తారు, ఇద్దరం ఇంచుమించు ఒకేసారి కలుస్తాం.

ఇక్కడి సిమ్‌కి రోమింగ్ పెట్టించా కాబట్టి వాట్సాప్ పనిచెయ్యాలి. ఎయిర్‌పోర్ట్ వైఫై నమ్ముకోలేదు, దానికి ఓటీపీ కావాలి, విదేశీ నంబర్లకి ఒక్కోసారి రానే రాదు. ఒకవేళ నా దగ్గర్నుంచి ఏమీ రాకపోతే గూగుల్లో BA277 అని కొట్టండి, ల్యాండెడ్ అని చూపిస్తే ఓ పావుగంట ఆగి బయల్దేరొచ్చు. తమ్ముడికి ఫ్లైట్‌రాడార్ వాడటం వచ్చు, విమానం ఎక్కడ ఉందో మ్యాపులో కూడా కనపడుతుంది. ఇంకోటి, ఇక్కడ ఫ్లైట్ ఎక్కి కూర్చోగానే మీకు "ఎక్కేశాం" అని పెడతా, శుక్రవారం రాత్రి ఏడు ఏడున్నరకి వస్తుంది, తొమ్మిదైనా అది రాలేదంటే ఏదో లేటయిందని అర్థం, అప్పుడు అలారం పెట్టకుండా హాయిగా పడుకోండి, కొత్త టైము నేనే చెప్తా.

అసలు భయం పొగమంచు గురించి బాబాయ్. జనవరిలో తెల్లవారుజామున శంషాబాద్‌లో పొగమంచు కమ్మితే రన్‌వే కనపడక విమానాలు కాసేపు పైనే తిప్పుతారు, అప్పటికీ తగ్గకపోతే బెంగళూరుకో చెన్నైకో మళ్ళిస్తారు, అక్కడ డీజిల్... అదే ఇంధనం పోసుకుని ఎండ వచ్చాక తిరిగొస్తాయి. అలా అయితే మేం బయటపడేసరికి పదో పదకొండో అవుతుంది. మీరు అప్పటికే ఎయిర్‌పోర్టులో ఉంటే అక్కడ కూర్చుని ఎదురుచూడొద్దు, వెనక్కి వెళ్ళిపోండి, పగటిపూట కాబట్టి నేనే టాక్సీ తీసుకుని వచ్చేస్తా, ఇబ్బందేం లేదు. మీకూ పొగమంచులో డ్రైవింగ్ మంచిది కాదు, ఇంటి బయట ఎదురు బిల్డింగ్ కనపడకపోతే అసలు కదలొద్దు.

లగేజీ విషయం. పెద్ద సూట్‌కేసులు రెండు, చిన్న క్యాబిన్ బ్యాగు ఒకటి, మడతపెట్టే స్ట్రోలర్. మీ కార్లో సీఎన్‌జీ సిలిండర్ పెట్టించారు కదా, డిక్కీలో ఒక్క పెట్టె అయినా పడుతుందా అని డౌటు. తమ్ముడి కారు ఖాళీగా ఉంటే అది బెటర్. లేదంటే మీ కార్లోనే మీరొక్కరే రండి, ఒక పెట్టె ముందు సీట్లో పెట్టి ఒకటి వెనకాల నా పక్కన పెట్టుకుంటా, చిన్నోడు ఒళ్ళో కూర్చుంటాడు... అది కూడా సేఫ్ కాదులెండి, కార్ సీటు ఇక్కడే వదిలేసి వస్తున్నా కాబట్టి ఆ మాట అనకూడదు గానీ. పిన్ని కూడా వస్తానంటుంది, నాకు తెలుసు, ఆవిడకి ఇంట్లోనే ఉండమని నేను బతిమాలానని చెప్పండి, చోటు చాలదు.

కలిసే చోటు: ఇంటర్నేషనల్ ఎరైవల్స్ బయట, బోర్డులు పట్టుకుని డ్రైవర్లు నిలబడతారు చూడండి, అక్కడ. కారు రోడ్డు పక్కన ఆపితే సెక్యూరిటీ వాళ్ళు ఆగనివ్వరు, ముందుకి పొమ్మంటారు, మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి, అందుకే ముందే పార్కింగ్‌లో పెట్టేయండి. నేను ట్రాలీ తోసుకుంటూ పార్కింగ్ దాకా రాగలను. ఆకుపచ్చ జాకెట్ వేసుకుంటా, చిన్నోడు నిద్రపోతూ స్ట్రోలర్లో ఉంటాడు, లేకపోతే ఏడుస్తూ ఉంటాడు, ఆ ఏడుపు విని కూడా గుర్తుపట్టొచ్చు.

ఇప్పుడు అసలు మాట, ఇది మొహమాటం లేకుండా చదవండి. మీకు కంటి ఆపరేషన్ తర్వాత రాత్రి ఎదురు లైట్లు కొడితే ఇబ్బందిగా ఉంటోందని పిన్ని ఆ మధ్య అన్నది. అలా ఉంటే మీరు డ్రైవ్ చెయ్యొద్దు. తమ్ముడికి శనివారం ఆఫీసుంటే వాడినీ నిద్ర లేపొద్దు. "ఈసారి కుదరదమ్మా" అని ఒక్క ముక్క పెడితే చాలు, నేనేమీ అనుకోను, ఎయిర్‌పోర్టులో ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్ ఆ టైములో కూడా ఉంటుంది, అక్కడ తీసుకుంటా, తెల్లారిపోతూ ఉంటుంది కాబట్టి పెద్ద భయం లేదు. లేదా మీకు తెలిసిన డ్రైవర్ ఎవరైనా ఉంటే, మీరు నమ్మే మనిషి అయితే, వాళ్ళనే పంపండి, డబ్బు నేను ఇచ్చుకుంటా, దాని గురించి మీతో వాదన వద్దు. ఇంకో మార్గం కూడా ఉంది, నాతో ఫ్లైట్లో ఒక ఫ్రెండ్ వాళ్ళ ఫ్యామిలీ వస్తున్నారు, వాళ్ళ కారులో చోటుంటే అడుగుతా, కానీ వాళ్ళది ఊరికి ఇంకో చివర, మనకి దారి మళ్ళుతుంది. అందుకే అది ఆఖరి ఆప్షన్.

మీరే వస్తే మాత్రం చాలా సంతోషం, దాచడం ఎందుకు, పిల్లాడితో ఒక్కదాన్నే దిగినప్పుడు మన మనిషి ఎదురుగా కనపడితే ఆ ధైర్యమే వేరు. కానీ దానికోసం కష్టపడొద్దు.

బుధవారం రాత్రిలోపు ఏదో ఒకటి చెప్పండి, కుదిరితే సరే, కుదరకపోతే సరే, చివరి నిమిషంలో ప్లాన్ మారినా శుక్రవారం మధ్యాహ్నం దాకా మీ మెసేజ్ చూస్తూనే ఉంటా. టికెట్ స్క్రీన్‌షాట్ విడిగా పంపిస్తున్నా, మీ ఫోన్లో ఫోటోలు డౌన్‌లోడ్ అవ్వట్లేదని అన్నారు కాబట్టి పిన్ని ఫోన్‌కి కూడా పెట్టా.