బీటెక్ అయ్యాక అమీర్‌పేట ఎందుకు?

నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు హైదరాబాద్ అమీర్‌పేటలో మళ్లీ డబ్బు కట్టి జావా నేర్చుకోవడం మనకు వింతగా అనిపించదు. కొన్ని నెలల్లో వచ్చే పని అయితే, నాలుగేళ్లు కాలేజీ ఏం చేసినట్టు? "పిల్లలకు స్కిల్స్ లేవు" అని కంపెనీలు అనగానే మన చర్చ ఆగిపోతుంది. తప్పంతా పిల్లలదే అయిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలికెళ్లే ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చారు. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ సర్కారు డబ్బు తలకింత చొప్పున లెక్కకట్టి ఇచ్చింది, పాఠం ఎలా చెప్పారని చూసి కాదు. దాంతో సీటు నింపడమే వ్యాపారమైంది. బకాయిలు పేరుకుంటే ముందు ఆగేది అధ్యాపకుల జీతాలే. అప్పుడే ఎంటెక్ ముగించిన కుర్రాడు ఇంకో ఉద్యోగం దొరికేదాకా పాఠాలు చెప్పి వెళ్లిపోతాడు. తనిఖీ రోజున మాత్రం తలల లెక్క సరిపోతుంది!

సివిల్, మెకానికల్ సీట్లు ఖాళీగా ఉంటే వాటిని తగ్గించి సీఎస్‌ఈ, ఏఐ సెక్షన్లు పెంచారు. 2024-25 నుంచి, బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితిని కూడా ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తేసింది. సీఎస్‌ఈ చెప్పగలిగినవాళ్లు అంత వేగంగా ఎక్కడి నుంచి వస్తారు?

సమస్యలో రెండో సగం కాలేజీ బయట ఉంది. 2024లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ నివేదిక ప్రకారం, 2022లో మన దేశ యువతలో పట్టభద్రుల నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివారిలో 3.4 శాతం. చదువు వల్లే నష్టమని దీనికి అర్థం కాదు. చదువు రానివాడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు, ఏ పని దొరికినా చేస్తాడు. డిగ్రీ ఉన్నవాడు తగిన కొలువు కోసం ఆగుతాడు, ఇంట్లోవాళ్లూ ఆగమంటారు. హైదరాబాద్ అశోక్ నగర్‌లో సర్కారు కొలువుల కోసం గ్రూప్స్ కోచింగ్‌కు ఏళ్లు ధారపోసేవాళ్లు ఆ నిరీక్షణలో భాగమే. వాళ్లందరికీ రేపు స్కిల్స్ నేర్పినా ఉద్యోగాలు వాటంతటవే పుట్టవు. అప్పుడు కంపెనీలు వడపోత ఇంకా బిగిస్తాయి. నిన్న ఇంటర్ చాలిన పనికి ఇవాళ డిగ్రీ అడుగుతున్నది అందుకే.

ఏపీలో 2020 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. ఆలోచన మంచిదే. కానీ చిన్న ఊళ్లలో అంతమందికి పని నేర్పే సంస్థలేవి? పని లేని చోట ఇంటర్న్‌షిప్ కాగితంగానే మిగులుతుంది.

నేనైతే ముందు రీయింబర్స్‌మెంట్‌నే పట్టుకుంటాను. చదువు ముగిసిన రెండేళ్లకు ఆ పిల్లలు ఏ పనిలో, ఎంత జీతంలో ఉన్నారో కాలేజీవారీగా ప్రభుత్వమే బయటపెట్టాలి, కొంత సొమ్ము దానికి ముడిపెట్టాలి. ఒక జాగ్రత్త: ఎంట్రన్స్‌లో ఒకే స్థాయి ర్యాంకులతో చేరినవాళ్లనే పోల్చాలి. లేకపోతే పెద్ద ర్యాంకుల పల్లె పిల్లల్ని చేర్చుకుని కష్టపడి నిలబెట్టే కాలేజీకే కోత పడుతుంది.