అన్నం తర్వాత

గోంగూర పచ్చడి నూరిన మనిషి తన కంచంలో మాత్రం వేసుకోలేదు. నాకు అనుమానం కలిగింది అక్కడే.

సంక్రాంతి సెలవులకు ఒంగోలు హాస్టల్ నుంచి టంగుటూరు దగ్గర మా ఊరికి వచ్చాను. నేను వచ్చానని నాయనమ్మ ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి వేసి, రోట్లో స్వయంగా నూరింది. నాకూ నాన్నకూ ముద్దలు ముద్దలుగా వడ్డించి తాను పెరుగన్నం కలుపుకుంది. ఎందుకని అడిగితే, "కారం పడటం లేదమ్మా, వయసైపోయింది కదా" అంది.

అన్నం తిన్నాక ఎప్పటిలాగే అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బొడ్లో దోపుకున్న సంచి తీసింది. నాటు పొగాకు ఆకు తుంచి, అరచేతిలో వేసుకుని, సున్నం రాసి, బొటనవేలితో మెత్తగా నలిపి కుడి బుగ్గలో పెట్టుకుంది. కళ్లు సగం మూతపడ్డాయి. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన దృశ్యమే. కానీ ఇప్పుడు నేను నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. వార్డులో నోరు రెండు వేళ్లంత కూడా తెరవలేక, ముక్కు గొట్టంలోంచి పాలు ఎక్కించుకునే వాళ్లను చూశాను.

ఆ సంగతి నాయనమ్మకు చెప్పలేదు. భయపెడితే మనుషులు మానరు, దాచుకుంటారు. తాతయ్య చుట్ట విషయంలో మా ఇంట్లో జరిగింది అదే. నాన్న కేకలు వేసేకొద్దీ ఆయన గడ్డివాము వెనక్కి వెళ్లి కాల్చుకునేవాడు.

రాత్రి పడుకునే ముందు ఫోను లైటు వేసి, "ఒకసారి నోరు తెరువు నాయనమ్మా" అన్నాను. ఆకు పెట్టుకునే చోట, బుగ్గ లోపల రూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ. వేలికి గుడ్డ చుట్టి తుడిచినా పోలేదు.

"మానేయమంటావు, అంతేగా?" అంది.

"మానేయమనలేదు. ఎప్పుడు మొదలుపెట్టావో చెప్పు."

ఆ ప్రశ్న నాయనమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదనుకుంటాను. లేచి కూర్చుంది.

"నాకు పద్నాలుగేళ్లు. పొగాకు ఆకు గ్రేడింగుకు వెళ్లేదాన్ని. పొద్దున చద్దన్నం తింటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే తిండి. మధ్యాహ్నం కడుపు మండుతుంటే పక్కన కూర్చున్న పెద్దామె ఇంత ముక్క చేతిలో పెట్టింది. మొదటి రోజు తల తిరిగి వాంతి చేసుకున్నాను. నాలుగో రోజుకు ఆకలి తెలియలేదు." కాసేపు ఆగింది. "మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు కూడా చేలో ఆకు కోసే రెలుపులకు వెళ్లాను. మంచులో తడిసిన ఆకు చేతులకు అంటుకుంటే కళ్లు తిరిగేవి. అయినా ఆ ఆకు డబ్బులతోనే మీ నాన్న చదివాడు, ఈ ఇల్లు లేచింది. దాన్ని నా ముందు తిట్టకు తల్లీ."

నేను తిట్టలేదు. ఏమని తిడతాను? చలిలో నాయనమ్మ పాదాలు నా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఒత్తాను. ఆ తర్వాత అన్నాను:

"అన్నం లేనప్పుడు ఆకలి తెలియకూడదని వేసుకున్నావు నాయనమ్మా. ఇప్పుడు అన్నం ఉంది, నీ చేత్తో నూరిన గోంగూర ఉంది. నిన్ను తిననివ్వనిది ఆ ఆకే."

నాయనమ్మ అటు తిరిగి పడుకుంది.

కనుమ వెళ్లాక ఒంగోలులో పళ్ల డాక్టరు దగ్గరకు తానే బయలుదేరింది. మచ్చ తొలిదశలోనే ఉన్నట్టుందని, పొగాకు మానితే చాలామందికి తగ్గుతుందని ఆయన చెప్పారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు, తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నారు. బస్సులో నాయనమ్మ ఒక్కటే అడిగింది: "వక్క అయినా నమలొచ్చా?"

"వక్క కూడా నోటికి మంచిది కాదు."

"అయితే అన్నం తిన్నాక నేనేం చేయాలే?"

నాయనమ్మకు ఆకు మీద ఎంత ఇష్టమో, ఆ అరుగు మీద కూర్చోవడమూ అంతే ఇష్టం. పొద్దుటి నుంచి ఇల్లు, గేదెలు, పెరడు చూసుకుని, ఆమె తనకోసం తాను కూర్చునే సమయం రోజు మొత్తంలో అదొక్కటే. దాన్ని తీసేస్తే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే ఆ చోటు అలాగే ఉంచాను, సంచి కూడా ఉంచాను. అందులో సోంపు, రెండు లవంగాలు, ఎండు ఉసిరికాయ ముక్కలు వేశాను. పొగాకు కట్ట మాత్రం వంటింటి అటక మీదకు చేరింది. పారేయనివ్వలేదు.

ముందు పొద్దుటి టిఫిను తర్వాతిది మానింది. అది సులువుగానే పోయింది. రాత్రిదీ రెండు రోజులు సణిగి వదిలేసింది. మధ్యాహ్నానిదే కష్టం. పూర్తిగా ఆపిన మూడో రోజు తలనొప్పి, చిరాకు, నిద్ర లేదు. పప్పులో ఉప్పు తక్కువైందని గిన్నె పక్కకు నెట్టింది. నాయనమ్మ అన్నం దగ్గర విసుక్కోవడం నేనెన్నడూ చూడలేదు. పొగాకు మానడానికి సాయం చేస్తామని ప్యాకెట్ల మీద వేసే 1800-11-2356 నంబరుకు మేడ మీదకు వెళ్లి నేనే ఫోను చేశాను. మొదటి కొద్ది రోజులే కష్టమని, కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు గడిచేలా చూసి, మంచినీళ్లు తాగించి, చేతికి ఏదైనా పని పెట్టమని చెప్పారు. సంతలో కొన్న విడి ఆకుకు ప్యాకెట్టే ఉండదు, ఆ నంబరు నాయనమ్మ లాంటివాళ్ల కంట పడేదెప్పుడు?

చేతికి పనిగా చిక్కుడుకాయలు ఈనెలు తీయడం పెట్టాం. తీస్తూ పాత రోజులు చెప్పేది. ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాయడం, కర్రలకు ఆకు అల్లుతూ పాడుకున్న పాటలు. కొన్నిటికి చరణాలు మరిచిపోయింది, వాటికోసం తడుముకుంటుంటే అరగంట గడిచిపోయేది.

సెలవులు అయిపోయాయి. హాస్టల్ నుంచి రోజూ ఒంటిగంటన్నరకు ఫోను చేసేదాన్ని. "తిన్నావా? ఏం కూర?" అంతే. ఆకు సంగతి అడిగేదాన్ని కాదు. ఒక రోజు తానే చెప్పింది, గొంతు తగ్గించి: "నిన్న పక్కింట్లో అడిగి వేసుకున్నాను తల్లీ."

నా గుండె జారింది. కానీ, "ఎలా ఉంది?" అని మాత్రమే అడిగాను.

"మండింది. ఉమ్మేశాను."

"సరే. ఈ రోజు?"

"ఈ రోజు లేదు."

ఫిబ్రవరి చివర్లో డాక్టరు చూసి, మచ్చ బాగా పలచబడిందని, ఇంకో మూడు నెలలకు మళ్లీ రమ్మని అన్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ కంచంలో శనగ గింజంత గోంగూర వేసుకుంది. నాలుక మీద పెట్టి, ఆగి చూసింది. ఇంకొంచెం వేసుకుంది. నేను మంచినీళ్ల గ్లాసు దగ్గరకు జరిపి, ఏమీ ఎరగనట్టు నా ముద్ద నేను కలుపుకున్నాను.

అన్నం తిన్నాక అరుగు మీదకు వెళ్లలేదు. అటక మీది పొగాకు కట్ట దించమంది. నా ఊపిరి ఆగినంత పనైంది. నాయనమ్మ పెరట్లోకి వెళ్లి, పాత బకెట్టులో నీళ్లు పోసి, ఆకులన్నీ చించి అందులో పడేసింది. నీళ్లు నెమ్మదిగా కషాయం రంగుకు తిరిగాయి.

"చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది, చూశావా?" అంది, తీగ తిప్పి చూపిస్తూ. "రేపు వడకట్టి చల్లుతాను. ఉన్న కాయలు ఇప్పుడే కోసేయ్. చల్లాక కొన్నాళ్లు కోయకూడదు."

నేను వంగి, తేలుతున్న ముక్కను నీళ్లలోకి అదమబోయాను.

"అందులో చేయి పెట్టకు. ముందు వెళ్లి కడుక్కో."